లావుగా ఉన్నవారికి రోజుకు ప్రొటీన్ ఎంత? లీన్ మాస్ లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు ఉండే మన తెలుగువాళ్ళు డైటీషియన్‌నైన నా దగ్గరికి వచ్చేటప్పుడు చాలామంది రెండు అంకెలు పట్టుకుని వస్తారు. ఒకటి జిమ్ ట్రైనర్ చెప్పింది, రోజుకు 160 గ్రాముల ప్రొటీన్. రెండోది ఇంటర్నెట్‌లో ఎక్కడో చూసింది, 45 గ్రాములు. బీఎంఐ 30 దాటినవారి విషయంలో ఈ రెండూ సాధారణంగా పొరపాటు లెక్కలే. ఎందుకో ఈ పేజీలో చెబుతాను.

లెక్క కోసం ఒక మనిషిని అనుకుందాం. నేను చూసిన చాలామందిని కలిపి అల్లిన ఉదాహరణే తప్ప నిజంగా ఒకరు కాదు. పేరు లక్ష్మక్క అందాం. వయసు 46, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 102 కిలోలు. షుగర్ లేదు, కిడ్నీ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. గుడ్లు తింటుంది, ఆదివారం చికెన్. బరువు తగ్గాలని రోజుకు 1,600 కేలరీల లోపు తినాలనుకుంటోంది.

ట్రైనర్ కిలోకు 1.6 గ్రాములు అన్నారు. 102 కిలోలకు 163 గ్రాములు. ఇందులో తప్పేముంది?

1.6 తప్పు కాదు, 102 కూడా తప్పు కాదు. రెండింటినీ కలపడమే తప్పు. కిలోకు ఇన్ని గ్రాములు అనే సలహాలు ఎక్కువగా మామూలు బరువున్నవారిని, వ్యాయామం చేసేవారిని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. వాళ్ళ ఒంట్లో బరువులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు కొవ్వు కానిదే, అంటే లీన్ మాస్ ఉంటుంది. లక్ష్మక్క విషయంలో అది సగమే. కాబట్టి అదే గుణకాన్ని ఆవిడ మొత్తం బరువుకు తగిలిస్తే, అవసరంతో సంబంధం లేని 50 కిలోలకు కూడా ప్రొటీన్ లెక్కకట్టినట్టు అవుతుంది.

దీనివల్ల ప్రాణానికి ప్రమాదం ఏమీ లేదు, కిడ్నీలు బాగుంటే. నష్టం వేరే చోట ఉంది. 163 గ్రాములు పప్పుల నుంచే తెచ్చుకోవాలంటే దాదాపు 700 గ్రాముల పచ్చి కందిపప్పు ఉడకెయ్యాలి. వాటి కేలరీలే 2,300 దాటుతాయి. ఆవిడ పెట్టుకున్న రోజు బడ్జెట్ 1,600. ఇక మిగిలిన దారి పౌడర్ డబ్బాలు. రోజుకు మూడు, నాలుగు స్కూపులు తాగి, పొట్ట ఉబ్బి, ఖర్చు చూసి బెంబేలెత్తి, మూడో వారానికి మొత్తం మానేసినవాళ్ళని చాలామందిని చూశాను. మానేశాక వాళ్ళు తమకు నిజంగా చాలే అంకెకు రారు, తిన్నగా పాత ఇడ్లీ-సాంబారుకే వెళ్తారు. అసలు నష్టం అది.

కొవ్వుకు ప్రొటీన్ అసలు అక్కర్లేదా?

దాదాపు అక్కర్లేదు. మన ఒంట్లో రోజూ సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రొటీన్ విరిగి మళ్ళీ తయారవుతుంది. అందులో ఎక్కువ భాగం తిరిగి వాడుకుంటాం, కొంత బయటికి పోతుంది. పోయిన దాన్ని తిండితో పూడ్చాలి. ఈ విరగడం, కట్టడం జరిగేది కండల్లో, కాలేయంలో, పేగుల్లో, రక్తంలో, చర్మంలో. కొవ్వు కణజాలంలో ఎనభై శాతానికి పైగా నూనె లాంటి కొవ్వే. దానిలో ప్రొటీన్ తక్కువ, జరిగే పని కూడా తక్కువ. ఇంట్లో అన్నానికి బియ్యం పోసేటప్పుడు మనుషుల్ని లెక్కపెడతాం గానీ బీరువాల్ని లెక్కపెట్టం కదా, అలా.

అయితే ఎత్తుకు తగ్గ బరువు మీద లెక్క వేసుకుంటే సరిపోదా? అది సులువు కూడా.

సులువే, కానీ కొంచెం తక్కువ చూపిస్తుంది. లక్ష్మక్క ఎత్తుకు బీఎంఐ 23 దగ్గర బరువు 57 కిలోలు. ఈ లెక్క వేసేవాళ్ళు మిగిలిన 45 కిలోలూ కొవ్వే అనుకుంటారు. అది నిజం కాదు. బరువు పెరిగినప్పుడు కొవ్వుతో పాటు దాన్ని మోయడానికి కాళ్ళ కండ, నడుము కండ, కొంత ఎముక, రక్తం, కొవ్వు కణజాలంలోని నీరు కూడా పెరుగుతాయి. పెరిగిన బరువులో ఇంచుమించు నాలుగో వంతు ఇలాంటిదే. అందుకే 102 కిలోల మనిషికి, అదే ఎత్తులో 57 కిలోలున్న మనిషికంటే లీన్ మాస్ ఎక్కువే ఉంటుంది. ఆస్పత్రుల్లో సర్దుబాటు బరువు అనే లెక్క వాడతారు: ఆదర్శ బరువుకు, అదనపు బరువులో నాలుగో వంతు కలపడం. అది పుట్టింది ఈ ఆలోచన నుంచే.

లక్ష్మక్కకు అది 57 + 11, అంటే 68 కిలోలు. ఇది లీన్ మాస్ కాదు, గమనించండి. మామూలు మనిషిలా కొవ్వుతో కలిపిన బరువుగా దీన్ని చూడాలి. అందుకే దీనికి మామూలు గుణకాలు, అంటే 1.2 నుంచి 1.5 దాకా వాడొచ్చు. 82 నుంచి 102 గ్రాములు వస్తుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ కలుస్తుంది.

లీన్ మాస్ అంటే కండేనా?

కాదు. కొవ్వు తీసేశాక మిగిలిందంతా: కండ, ఎముక, అవయవాలు, రక్తం, ఒంట్లో నీరు. కండ అందులో సగం దగ్గర ఉంటుంది. కాళ్ళవాపు ఉన్నవారిలో ఆ నీరు కూడా ఇందులోకే వస్తుంది, దాని సంగతి కింద చెప్పాను.

నా లీన్ మాస్ ఎంతో ఎలా తెలుసుకోవాలి?

బరువు, ఎత్తు తెలిస్తే చాలు. లావుగా ఉన్నవారికి నేను వాడేది 2005లో జన్మహాసతియన్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం. బాగా లావున్నవారిని కూడా కొలిచి తయారు చేసింది కాబట్టి ఎక్కువ బీఎంఐ దగ్గర ఇది దారి తప్పదు.

```
బీఎంఐ = W / (ఎత్తు మీటర్లలో)²

పురుషులు: FFM = 9270 × W / (6680 + 216 × BMI)
స్త్రీలు:   FFM = 9270 × W / (8780 + 244 × BMI)
```

W అంటే కిలోల్లో బరువు. FFM అంటే కొవ్వు లేని బరువు. లీన్ మాస్ అన్నా ఇదే అనుకోండి, మన లెక్కకు తేడా పట్టించుకోనంత చిన్నది.

లక్ష్మక్కకు వేద్దాం. ఎత్తు 1.58 మీటర్లు, వర్గం 2.496. బీఎంఐ 102 ÷ 2.496, అంటే 40.9. పైన 9270 × 102 = 9,45,540. కింద 8780 + 244 × 40.9 = 18,760. భాగిస్తే 50.4 కిలోలు. అంటే ఆవిడ బరువులో దాదాపు సగం కొవ్వు. ఈ మాట విని చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. స్త్రీలలో బీఎంఐ 40 దగ్గర ఇది సాధారణమైన అంకే.

ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఒక్క నిమిషం పని. ఒకటి మాత్రం చూసుకోండి: ఎత్తు ఆధార్ నాటిది కాకుండా ఇప్పుడు గోడకు నిలబడి కొలిచింది వాడండి. యాభై దాటినవాళ్ళు కొందరు రెండు సెంటీమీటర్ల దాకా తగ్గి ఉంటారు.

ఆన్‌లైన్ కాలిక్యులేటర్ వేరే అంకె ఇచ్చింది. ఏది నమ్మాలి?

ముందు అది ఏ సూత్రం వాడుతోందో చూడండి. బోయర్ సూత్రమైతే లక్ష్మక్కకు 52 వస్తుంది, మన 50కి దగ్గరే, దిగులు లేదు. జేమ్స్ సూత్రమైతే మాత్రం పక్కన పెట్టండి. అది బరువును వర్గం చేసి తీసేస్తుంది కాబట్టి ఒక స్థాయి దాటాక తలకిందులవుతుంది. లక్ష్మక్కకు 102 కిలోల దగ్గర 47.5 ఇస్తుంది. అదే ఆవిడ 120 కిలోలైతే 43 చూపిస్తుంది! బరువు 18 కిలోలు పెరిగితే లీన్ మాస్ నాలుగున్నర కిలోలు తగ్గిందట. ఒంట్లో అలా జరగదు. మీ కాలిక్యులేటర్‌ను పరీక్షించాలంటే అందులో బరువు ఒక్కటే 20 కిలోలు పెంచి చూడండి. లీన్ మాస్ తగ్గితే ఆ కాలిక్యులేటర్ మీకు పనికిరాదు.

ఇంట్లో స్మార్ట్ త్రాసు ఉంది. లేదా డెక్సా స్కాన్ చేయించుకోవాలా?

స్మార్ట్ త్రాసు పాదాల ద్వారా చిన్న కరెంటు పంపి, ఆ అడ్డు ఎంత ఉందో చూసి లీన్ మాస్ అంచనా వేస్తుంది. కరెంటు ఎక్కువగా కాళ్ళలోనే తిరుగుతుంది, పొట్ట దాకా సరిగా అందదు. పైగా నీళ్ళు తాగారా, ఉప్పగా తిన్నారా, నెలసరి ఉందా అనేదాన్ని బట్టి మారుతుంది. లావుగా ఉన్నవారిలో ఒంట్లో నీటి పాళ్ళు కొంచెం వేరుగా ఉండటం వల్ల ఈ యంత్రాలు కొవ్వును తక్కువగా, లీన్ మాస్‌ను ఎక్కువగా చూపడం మామూలు. జిమ్‌లో చేతులు కూడా పట్టుకునే పెద్ద మిషన్ కాస్త మేలు, కానీ అదీ ఇదే జాతి. ఒకే త్రాసు మీద, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకుంటే నెలల తరబడి దిశ తెలుస్తుంది. అసలు అంకె కోసం దాన్ని నమ్మొద్దు.

ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వు, కండ, ఎముక ఎంతెంతో కొలిచే డెక్సా మెరుగైనదే. అయితే రిపోర్టులో ఎముకను విడిగా, లీన్ కణజాలాన్ని విడిగా చూపిస్తారు. మన లెక్కకు రెండూ కలపాలి. చాలామంది లీన్ గడి ఒక్కటే చూసి రెండు కిలోలు తక్కువ రాసుకుంటారు. బెంగళూరులో పెద్ద ఆస్పత్రుల్లో, కొన్ని డయాగ్నస్టిక్ సెంటర్లలో చేస్తారు, కానీ మొత్తం శరీరానికి చేస్తారో లేక ఎముకల కోసం నడుము, తుంటి మాత్రమే తీస్తారో ఫోన్ చేసి అడిగి వెళ్ళండి. టేబుల్ ఎంత బరువు మోస్తుందో కూడా అడగండి, యంత్రాన్ని బట్టి పరిమితి ఉంటుంది.

నా అభిప్రాయం అడిగితే, ప్రొటీన్ లక్ష్యం కోసమే అయితే డెక్సా అనవసరం. సూత్రం రెండు, మూడు కిలోలు అటూఇటూ తప్పినా ప్రొటీన్‌లో తేడా అయిదు గ్రాములే, ఒక గుడ్డంత.

సరే, లీన్ మాస్ 50 అని తెలిసింది. ఇప్పుడు ఎంతతో గుణించాలి?

ఈ పేజీలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. గుణకం ఎప్పుడూ ఏదో ఒక రకం బరువుకు కట్టుబడి ఉంటుంది. బరువు మారిస్తే గుణకాన్నీ మార్చాలి. పైన చెప్పిన 45 గ్రాముల లాంటి అంకెలు పుట్టేది ఇక్కడి పొరపాటు నుంచే.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు కిలోకు 0.83 గ్రాములు. అది మామూలు బరువున్న ఆరోగ్యవంతుడి మొత్తం బరువుకు. ఎవరో లీన్ మాస్ గురించి చదివి, 50 × 0.83 అని వేసి, 42 గ్రాములు చాలు అనుకుంటారు. మామూలు బరువున్న స్త్రీలో లీన్ మాస్ 73 శాతం అనుకుంటే, ఆ 0.83నే లీన్ మాస్ కిలోకు మార్చినప్పుడు 1.1 దాకా అవుతుంది. అంటే లక్ష్మక్కకు కనీస గీత 55 గ్రాములు. అదీ బరువు తగ్గే ప్రయత్నం లేనప్పుడు.

కేలరీలు తగ్గించినప్పుడు ఒళ్ళు కొంత ప్రొటీన్‌ను ఇంధనంగా వాడుకుంటుంది, కాబట్టి అవసరం పెరుగుతుంది. అప్పుడు మామూలు బరువువారికి చెప్పే 1.2–1.5ని లీన్ మాస్ మీదికి మారిస్తే కిలోకు ఇంచుమించు 1.6 నుంచి 2.0 గ్రాములు అవుతుంది. లక్ష్మక్కకు 80 నుంచి 100. సర్దుబాటు బరువుతో వచ్చిన 82–102 గుర్తుందా? రెండు దారులూ ఒకే ఊరు చేరాయి. అలా చేరకపోతే ఎక్కడో గుణకం, బరువు జంట తప్పిందని అర్థం. నేను ఎవరికి లెక్క వేసినా ఈ రెండూ వేసి చూసుకుంటాను.

నడుమ ఎక్కడ ఆగాలి? నడక మాత్రమే చేసేవారికి 1.6 చాలు. బరువులెత్తే వ్యాయామం చేస్తున్నా, అరవై దాటినా, బరువు వేగంగా తగ్గుతున్నా 2.0 వైపు జరపండి. శుద్ధ శాకాహారులు కూడా పై వైపే ఉండటం మంచిది, ధాన్యాలు, పప్పుల ప్రొటీన్ గుడ్డు, పాలంత బాగా ఒంటబట్టదు. లక్ష్మక్క వారానికి రెండు రోజులు డంబెల్స్ ఎత్తుతోంది అనుకుని 1.8 తీసుకుందాం. 50.4 × 1.8, అంటే 90 గ్రాములు.

లీన్ మాస్ కిలోకు 2.3 నుంచి 3.1 అని ఒక వీడియోలో చూశాను.

ఆ అంకె ఉన్నదే, కానీ అది ఇప్పటికే సన్నగా ఉండి, బరువులు ఎత్తుతూ, ఇంకా కొవ్వు కరిగించుకునే క్రీడాకారులకు. వాళ్ళ ఒంట్లో కొవ్వు నిల్వ తక్కువ కాబట్టి శరీరం త్వరగా కండ మీద పడుతుంది. లక్ష్మక్క దగ్గర 50 కిలోల ఇంధనం ఉంది. కొవ్వు నిల్వ ఎంత ఎక్కువ ఉంటే, తగ్గే బరువులో కండ వాటా అంత తక్కువ. ఆ వీడియోలోని కుర్రాడి సమస్య ఆవిడ సమస్య కాదు.

90 గ్రాములు మన తిండిలో వస్తాయా? రోజూ పప్పు తింటూనే ఉన్నాం.

పప్పు తింటున్నామని అందరూ అంటారు. ఎంత పప్పు అని అడిగితే అప్పుడు బయటపడుతుంది. నలుగురున్న ఇంట్లో ఒక పూటకు ఒక టీ గ్లాసు కందిపప్పు, అంటే ఇంచుమించు 80–100 గ్రాములు ఉడికిస్తారు. ఒక్కొక్కరికి 25 గ్రాముల పప్పు, ఆరు గ్రాముల లోపు ప్రొటీన్. దర్శిని హోటల్లో ఇడ్లీతో ఇచ్చే సాంబారు గిన్నెలో అయితే పప్పు ఇంకా తక్కువ. బెల్లం రుచి వస్తుంది గానీ పప్పు తగలదు, అది వేరే గొడవ. మూడు ఇడ్లీలు, చట్నీ, సాంబారు అన్నీ కలిపినా తొమ్మిది గ్రాములు దాటడం కష్టం.

లక్ష్మక్క పాత రోజు లెక్క కడితే 45 దగ్గర తేలింది: పొద్దున ఇడ్లీ తొమ్మిది, రెండుసార్లు కాఫీ పాలు అయిదు, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు కలిపి పదహారు, సాయంత్రం బిస్కెట్లు రెండు, రాత్రి చపాతీ, కూర, మజ్జిగ పదమూడు. ఇందులో పెద్దగా తప్పేమీ కనిపించదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

దాన్ని 90కి ఎలా తెచ్చామంటే, పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, ఒక గ్లాసు పాలు: 20. మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకు తగ్గించి, పప్పు తన వాటా 40 గ్రాములు ఉండేలా గట్టిగా, రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక పెద్ద గిన్నె పెరుగు: 31. సాయంత్రం గుప్పెడు వేయించిన సెనగలు: 6. రాత్రి రెండు పుల్కాలు, 30 గ్రాముల సోయా చంక్స్ కూర: 22. అక్కడికి 79. మిగిలిన పదకొండు కోసం అర స్కూపు వే పౌడర్ పాలలో కలుపుకోవచ్చు, వద్దనుకుంటే మరో రెండు గుడ్ల తెల్లసొన, కాస్త ఎక్కువ పెరుగు. నూనెలు, కూరగాయలతో కలిపి 1,600 కేలరీల దగ్గర ఆగుతుంది. సోయా తినలేనివారు ఆ చోట 80 గ్రాముల పనీర్ పెట్టండి, కేలరీలు కాస్త పెరుగుతాయి.

సోయా 30 గ్రాములు ఎండుగా ఉన్నప్పుడు తూచాలి. నానబెట్టి తూస్తే మూడు రెట్లు బరువెక్కి మోసం చేస్తుంది. చికెన్ కూడా అంతే, కాకపోతే అటునుంచి ఇటు: 100 గ్రాముల పచ్చి ఎముకలేని ముక్కల్లో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటే, వండాక అవే ముక్కలు 70–75 గ్రాములకు కుదించుకుపోతాయి, ప్రొటీన్ అలాగే ఉంటుంది. ఎముకతో కొన్న కిలో చికెన్‌లో మూడో వంతు దాకా ఎముకకే పోతుంది. ఆదివారం ఇద్దరికి అరకిలో వండి, అరకిలో ప్రొటీన్ తిన్నామనుకోకండి.

రాగి ముద్ద మంచిదంటారు కదా, ప్రొటీన్ ఎక్కువట?

రాగిలో కాల్షియం ఎక్కువ, ప్రొటీన్ కాదు. 100 గ్రాముల పిండిలో ఏడు గ్రాములు, బియ్యంతో సమానం. ముద్దతో పాటు వచ్చే మొలకల సారులో గింజలు నిండుగా ఉంటే ప్రొటీన్ అక్కడిది.

కిడ్నీలు పాడవుతాయని భయంగా ఉంది.

ఆరోగ్యమైన కిడ్నీలకు 90 గ్రాములు ఇబ్బంది కాదు. కానీ మీ కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నాయని ఎవరు చెప్పారు? లావుగా ఉన్నవారిలో షుగర్, బీపీ తరచుగా ఉంటాయి, ఆ రెండూ కిడ్నీని చప్పుడు లేకుండా దెబ్బతీస్తాయి. అందుకని లక్ష్యం పెంచేముందు రెండు పరీక్షలు చేయించండి: రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కించే ఈజీఎఫ్‌ఆర్, ఇంకా మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, నిజానికి ముందుగా తేడా చూపేది అదే. ఈజీఎఫ్‌ఆర్ 60 లోపున్నా, అల్బుమిన్ నిష్పత్తి 30 దాటినా ఈ పేజీలోని గుణకాలు మీకు వర్తించవు. కిడ్నీ డాక్టర్ చెప్పిన అంకె, అది చాలావరకు దీనికంటే తక్కువే ఉంటుంది, దాన్ని పాటించండి.

బరువు తగ్గుతుంటే ప్రొటీన్ కూడా తగ్గించాలా?

మొత్తం బరువు మీద లెక్క వేసేవారికి ఇది పెద్ద చిక్కు. 102 నుంచి 82 కిలోలకు వచ్చేసరికి వాళ్ళ 163 కాస్తా 131 అవుతుంది. లీన్ మాస్ అంతగా కదలదు. లక్ష్మక్క 82 కిలోలకు చేరితే సూత్రం 45.3 చూపిస్తుంది, 1.8తో గుణిస్తే 82 గ్రాములు. కానీ ఆ సూత్రం ఆ ఎత్తు, బరువు ఉన్న సగటు స్త్రీని చూసి చెబుతోంది, ఆవిడ కండను కాపాడుకుందో పోగొట్టుకుందో దానికి తెలియదు. సగటున తగ్గే బరువులో నాలుగో వంతు లీన్ మాస్ పోతుంది, మనం ప్రొటీన్ పెంచిందీ, డంబెల్స్ ఎత్తించిందీ అది పోకుండా ఉండాలనే. కాబట్టి బరువు తగ్గే కాలమంతా 90 దగ్గరే ఉంచమంటాను. బరువు నిలకడకు వచ్చాక కొత్త బరువుతో మళ్ళీ లెక్క వేసి, గుణకాన్ని 1.4–1.5కు దించొచ్చు.

కండ పోతోందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

త్రాసు చెప్పదు. కుర్చీ చెబుతుంది. చేతులు ఛాతీకి కట్టుకుని, మామూలు డైనింగ్ కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి, ఫోన్‌లో టైమ్ పెట్టండి. ఆసియావాసుల కోసం 2019లో నిపుణుల బృందం పెట్టిన హద్దు 12 సెకన్లు. అంతకంటే ఎక్కువ పడితే కాళ్ళలో సత్తువ తక్కువ అన్నమాట. మోకాళ్ళ నొప్పులుంటే అంకె పెరగడానికి అదీ కారణమే, కాబట్టి హద్దు కంటే మీ పాత టైమ్‌తో పోల్చుకోవడం ముఖ్యం. బరువు తగ్గుతున్నకొద్దీ మోసే భారం తగ్గుతుంది, టైమ్ మెరుగుపడాలి. బరువు ఎనిమిది కిలోలు తగ్గి టైమ్ మాత్రం అలాగే ఉంటే, లేదా పెరిగితే, ప్రొటీనో వ్యాయామమో, ఎక్కువసార్లు రెండూ, చాలడం లేదు.

జుట్టు రాలడం రెండు, మూడు నెలల తర్వాత కనబడొచ్చు, కానీ అది వేగంగా బరువు తగ్గినా వస్తుంది, ఐరన్ తగ్గినా వస్తుంది. రక్తంలో అల్బుమిన్ బాగుంది కాబట్టి ప్రొటీన్ సరిపోతోందని అనుకోవద్దు, అది కాలేయం, వాపు సంగతులతో మారుతుంది గానీ మీరు తిన్న పప్పుతో కాదు.

బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతున్నాను. తినబుద్ధే కావడం లేదు.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వాడేవారు ఈ లెక్క మరీ అవసరమైనవారు, కానీ పాటించడం కష్టం. 90 అన్నది మొదటి నెల సాధ్యం కాకపోవచ్చు. కనీస గీత, లీన్ మాస్ కిలోకు 1.1–1.2, అంటే 55–60 గ్రాములు, దానికి మాత్రం తగ్గకండి. ప్రతి పూటా ప్లేటులో ముందు ప్రొటీన్ తిని, తర్వాత కూర, ఆఖరున అన్నం. మజ్జిగ బదులు గట్టి పెరుగు, చారు బదులు పప్పు. నాలుగైదు రోజులపాటు కనీసం కూడా అందకపోతే డోసు సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

ప్రొటీన్ పెంచాక మలబద్ధకం వచ్చింది.

అన్నంతో పాటు కూర కూడా తగ్గించేసి ఉంటారు. రోజుకు రెండు పెద్ద గిన్నెల కూరగాయలు, నీళ్ళు.

ఈ లెక్క ఎవరికి వద్దు?

కాళ్ళవాపు, పొట్టలో నీరు, గుండె లేదా కాలేయ సమస్య ఉన్నవారికి బరువులో నీరు చేరి ఉంటుంది, సూత్రం దాన్ని ఒంటి బరువుగానే చూస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పద్దెనిమిది లోపు పిల్లలకు వేరే లెక్కలున్నాయి. బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారికి సర్జన్ బృందం ఇచ్చే లక్ష్యం ఉంటుంది. సాధారణంగా రోజుకు కనీసం 60 గ్రాములు, ఆదర్శ బరువు కిలోకు 1.5 దాకా. అక్కడి 1.5ను తెచ్చి మీ లీన్ మాస్‌కు గుణించకండి, అది ఆదర్శ బరువుకు కట్టిన అంకె.